శుభలేఖలు పంచేశాక పెళ్లి వాయిదా పడితే: బంధువులకు మెసేజ్ ఎలా రాయాలి, ఎలా పంపాలి

శుభలేఖలు పంచేశాక పెళ్లి వాయిదా వేయాల్సి వస్తే ఇంట్లో అందరినీ ముందు పట్టుకునేది ఒకటే భయం: జనం ఏమనుకుంటారో అని. ఆ భయంతోనే చాలామంది రెండు మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా నాన్చుతారు. చివరికి "అనివార్య కారణాల వల్ల వివాహం వాయిదా పడినది, బంధుమిత్రులు గమనించగలరు" అని ఒక వాక్యం పంపి ఊరుకుంటారు. ఆ "అనివార్య కారణాలు" అన్న రెండు ముక్కలు చాలు. సాయంత్రానికల్లా కట్నం దగ్గర తేడా వచ్చిందట, అమ్మాయికి ఇష్టం లేదట, జాతకాలు మళ్లీ చూపించారట అని తలా ఒక కథ బయలుదేరుతుంది. పెళ్లి ఆగిపోలేదు, జరగబోతోంది అని వినేవాళ్లకు ఒక్కసారిలో అర్థమయ్యేలా చెప్పడమే ఈ మెసేజ్ పని.

మాట్లాడుకోవడానికి ఒక సందర్భం తీసుకుందాం. 2026 మే 8, శుక్రవారం రాత్రి రాజమహేంద్రవరంలో ముహూర్తం. అబ్బాయివాళ్లది హనుమకొండ. అమ్మాయి, అబ్బాయి ఇద్దరూ వాళ్ల వాళ్ల ఇళ్లలో పెద్ద సంతానం. ఏప్రిల్ 22న అమ్మాయి తండ్రికి ఛాతీలో నొప్పి వచ్చింది, 24న బైపాస్ ఆపరేషన్ జరిగింది. ప్రాణాపాయం తప్పింది. కానీ బైపాస్‌లో కోసిన ఛాతీ ఎముక అతుక్కోవడానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మే ఎండలో, రాత్రంతా పీటల మీద కూర్చుని కన్యాదానం చేయడం ఆయన వల్ల కాదు. ఇక వాయిదా తప్పదు.

ముందు వియ్యాలవారితో ఒక మాట మీదకు రండి

మెసేజ్ రాయడానికి కూర్చునే ముందు రెండు ఇళ్ల పెద్దలూ ఫోన్‌లో గానీ ఎదురుగా గానీ కూర్చుని మూడు విషయాలు తేల్చుకోవాలి. బయటివాళ్లకు చెప్పే కారణం ఏమిటి, ఎంతవరకు చెప్పాలి, బంధువుల ప్రశ్నలకు రెండు వైపులా ఎవరెవరు జవాబు చెప్పాలి. ఇది అరగంట పని. దీన్ని వదిలేస్తే జరిగేదేమిటంటే, అమ్మాయివాళ్లు "నాన్నగారికి కొంచెం ఒంట్లో బాగాలేదు" అంటారు, అబ్బాయివాళ్లు "వాళ్ల నాన్నకు బైపాస్ అయింది" అంటారు. రెండు మాటలూ నిజమే, కానీ రెండూ విన్న చుట్టం మాత్రం ఏదో దాస్తున్నారనే అనుకుంటాడు.

కారణం ఎంతవరకు చెప్పాలన్న దానికి నా లెక్క ఇది: జబ్బు పేరు చెప్పండి, రిపోర్టులు చెప్పకండి. "గుండె ఆపరేషన్ జరిగింది, క్షేమంగా ఉన్నారు" అంటే సరిపోతుంది. ఎన్ని బ్లాకులు, ఏ హాస్పిటల్, ఏ డాక్టరు అనేవి రాస్తే ఒక్కొక్కరూ ఒక్కో సలహాతో ఫోన్ చేస్తారు, కొందరు నేరుగా హాస్పిటల్‌కే బయలుదేరతారు. అసలు కారణం చెప్పుకోలేనిదైతే, ఇంటి లోపలి విషయమైతే, అబద్ధపు జబ్బు మాత్రం అల్లకండి. "కుటుంబంలో ముందు చూసుకోవాల్సిన బాధ్యత ఒకటి వచ్చింది, రెండు కుటుంబాలూ మాట్లాడుకుని కొంత సమయం తీసుకున్నాం" అంటే చాలు. "రెండు కుటుంబాలూ" అన్న మాట అక్కడ ఉంటే చాలావరకు నోళ్లు మూతపడతాయి.

కొత్త తేదీ గురించి పంతులుగారిని అడగండి, అప్పుడే మాట ఇవ్వండి

మెసేజ్‌లో అందరూ వెతికేది కొత్త తేదీనే. తొందరలో "నెలరోజుల్లో పెట్టుకుంటాం" అని రాసేవాళ్లు చాలామంది. మన సందర్భంలో అలా రాస్తే ఏమవుతుందో పంచాంగం తీసి చూడండి.

2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది. మే 17 నుంచి జూన్ 15 దాకా అధికమాసం, అందులో పెళ్లిళ్లు చేయరు. ఆ తర్వాత నిజ జ్యేష్ఠం జూలై రెండో వారం చివరి దాకా ఉంది గానీ, మన సందర్భంలో వధూవరులిద్దరూ పెద్ద సంతానమే కాబట్టి జ్యేష్ఠంలో పెళ్లికి పెద్దలు ఒప్పుకోరు. తర్వాత ఆషాఢం. దాదాపు అదే సమయంలో, జూలై మధ్య నుంచి ఆగస్టు రెండో వారం దాకా, గురు మౌఢ్యమి కూడా. ఆగస్టు 13న శ్రావణం మొదలయ్యేదాకా ఈ జంటకు దారి లేదు. ఆ శ్రావణం దాటితే భాద్రపదం. అంటే నెలరోజులన్న వాళ్లు మూడు నెలలకు పైనే పడుతుందని మళ్లీ మాట మార్చుకోవాలి. ఒకసారి వాయిదా పడిన పెళ్లికి రెండోసారి మాట మారితే అప్పుడు నిజంగానే అనుమానాలు మొదలవుతాయి.

అందుకే పెళ్లి తేదీకి మాట ఇవ్వకండి, కొత్త తేదీ ఎప్పటిలోగా చెబుతారో దానికి మాట ఇవ్వండి. పెళ్లి తేదీ డాక్టరు, పంతులుగారు, ఫంక్షన్ హాలు ముగ్గురి చేతుల్లో ఉంది. ఎప్పుడు చెబుతారన్నది పూర్తిగా మీ చేతుల్లో ఉంది. ఆపరేషన్ ఏప్రిల్ 24న అయింది, ఆరు వారాలకు జూన్ 5. ఆ వారంలో డాక్టరు చూసి ఎప్పటికి ఓపిక వస్తుందో చెబుతారు. కాబట్టి "జూన్ 7, ఆదివారం లోపు తెలియజేస్తాం" అని రాయవచ్చు. నెల కూడా సూచనగా చెప్పవచ్చు, "శ్రావణంలో చూస్తున్నాం" అని. పంతులుగారు ఆ నెలలో ఇద్దరి తారాబలానికీ సరిపడే ముహూర్తాలు రెండు మూడైనా ఉన్నాయని చెప్పాకే ఆ మాట రాయండి.

హాలువాళ్లకు కూడా అదే రోజు ఫోన్ చేసి, శ్రావణంలో ఏ రోజులు ఖాళీగా ఉన్నాయో అడిగి ఉంచుకోండి. అడ్వాన్సు సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు, ముందు తేదీలు తెలియడం ముఖ్యం.

మెసేజ్ కంటే ముందు ఫోన్ వెళ్లాల్సినవాళ్లు

మేనమామలు, మేనత్తలు, పెదనాన్న, బాబాయిలు, తోడల్లుళ్లు, పెళ్లి కుదిర్చిన పెద్దమనిషి వాట్సాప్‌లో చూసి తెలుసుకోకూడదు. "మాకు కూడా అందరితో పాటేనా" అన్న మాట పదేళ్లు ఉంటుంది. దూరం నుంచి వచ్చేవాళ్లకు కూడా ముందే ఫోన్ చేయాలి. అమెరికా నుంచి విమానం టికెట్లు కొన్నవాళ్లు, ఆఫీసులో సెలవు పెట్టుకున్నవాళ్లు, రెండు నెలల ముందే రైలు రిజర్వేషన్ చేయించుకున్నవాళ్లు ఎంత ముందు రద్దు చేసుకుంటే అంత ఎక్కువ డబ్బు వెనక్కి వస్తుంది. వాళ్లకు ఒక్క పూట ఆలస్యం కూడా నష్టమే.

ఈ ఫోన్లు అమ్మాయి తల్లి చేయకూడదు. ఆవిడ హాస్పిటల్లో ఉంటారు, ప్రతి ఫోన్‌లోనూ జరిగిందంతా మొదటి నుంచి చెప్పి ఏడవాల్సి వస్తుంది. ఆ పని మేనమామ గానీ, పెద్ద అన్నయ్య గానీ తీసుకోవాలి. మాట ఇలా ఉంటే చాలు:

"పెదనాన్నా, నేను. ముందు భయపడకండి, బావగారు బాగానే ఉన్నారు. నిన్న గుండె ఆపరేషన్ అయింది, మాట్లాడుతున్నారు. పెళ్లి మాత్రం మే 8న చేయడం లేదు, శ్రావణానికి జరిపాం. హనుమకొండ వాళ్లతో మాట్లాడాం, వాళ్లే ముందు అన్నారు మామయ్యగారు లేకుండా వద్దని. సాయంత్రం అందరికీ మెసేజ్ పెడుతున్నాం, మీకు ముందే చెప్పాలని చేశాను."

మొదటి మాటలోనే మనిషి క్షేమం వచ్చింది. పెళ్లి నిలబడే ఉందనీ వచ్చింది. వియ్యాలవారి మంచి మాట కూడా వచ్చింది, అది నిజంగా వాళ్లు అని ఉంటేనే చెప్పాలి. ఇలాంటి ఫోన్లు ఉదయం మొదలుపెడితే సాయంత్రానికి అయిపోతాయి. అదే సాయంత్రం మెసేజ్ వెళ్లిపోవాలి. ఆ రాత్రి దాటితే పెదనాన్నగారి నుంచి మిగతావాళ్లకు మీ మాట కాకుండా ఆయన మాట వెళ్తుంది.

మెసేజ్ రాయడం

ఏప్రిల్ 25 శనివారం సాయంత్రం పంపే మెసేజ్ ఇది. పేర్లు పెట్టుకుని వాడుకోవచ్చు.

> నమస్కారం.
>
> మే 8, శుక్రవారం రాజమహేంద్రవరంలో జరగాల్సిన చి.ల.సౌ. (అమ్మాయి పేరు), చి. (అబ్బాయి పేరు)ల వివాహాన్ని వాయిదా వేశాం.
>
> అమ్మాయి నాన్నగారికి ఏప్రిల్ 24న గుండె ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు క్షేమంగా ఉన్నారు, కోలుకుంటున్నారు. కొన్ని వారాలు పూర్తి విశ్రాంతి కావాలని డాక్టర్లు చెప్పారు. కన్యాదానం ఆయన చేతుల మీదుగానే జరగాలని రెండు కుటుంబాలవాళ్లం కలిసి ఈ నిర్ణయం తీసుకున్నాం.
>
> కొత్త ముహూర్తం శ్రావణ మాసంలో చూస్తున్నాం. జూన్ 7, ఆదివారం లోపు ఈ నంబరు నుంచే మీకు తెలియజేస్తాం.
>
> మే 8 కోసం టికెట్లు, గదులు తీసుకున్నవారు దయచేసి రద్దు చేసుకోండి. మేము తేదీ చెప్పేదాకా మళ్లీ బుక్ చేసుకోవద్దు.
>
> ఆయన్ను చూడటానికి ఇప్పుడే హాస్పిటల్‌కు రావద్దని మనవి. ఇంటికి వచ్చి కాస్త ఓపిక తెచ్చుకున్నాక మేమే చెబుతాం.
>
> ఏమైనా అడగాలంటే:
> అమ్మాయి మేనమామ (పేరు, నంబరు)
> అబ్బాయి బాబాయి (పేరు, నంబరు)
>
> ఇట్లు
> అమ్మాయి తల్లిదండ్రులు (పేర్లు)
> అబ్బాయి తల్లిదండ్రులు (పేర్లు)

మొదటి వాక్యంలోనే తేదీ, ఊరు, పేర్లు, "వాయిదా వేశాం" అన్నీ ఉన్నాయి. ఇది కావాలనే అలా పెట్టాలి. చాలామంది ఫోన్ పైన కనిపించే రెండు లైన్లే చదువుతారు. "మీ అందరి ఆశీస్సులతో, భగవంతుని దయతో" అని మొదలుపెడితే అది ఆహ్వానమనుకుని తర్వాత చూద్దామని పక్కన పెట్టేస్తారు. పెళ్లిళ్ల సీజన్లో అదే ఊళ్లో, అదే రోజు ఇంకో రెండు పెళ్లిళ్లు ఉంటాయి కాబట్టి పేర్లు, ఊరు లేకుండా "మా ఇంటి వివాహం" అని రాయకూడదు.

"వాయిదా పడింది" అనలేదు, "వాయిదా వేశాం" అన్నాం. పడింది అంటే ఎవరి చేతుల్లోనూ లేనట్టు వినిపిస్తుంది. వేశాం అంటే పెద్దలు ఆలోచించి చేసినట్టు ఉంటుంది. "రద్దు" అనే మాట పెళ్లి పక్కన ఎక్కడా రానివ్వకండి. ఇక్కడ అది టికెట్ల దగ్గరే వచ్చింది.

క్షమాపణ ఎక్కడా లేదు. కొందరు "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని రైల్వే స్టేషన్ ప్రకటనలా రాస్తారు. తండ్రికి ఆపరేషన్ అయిన ఇంటివాళ్లు చుట్టాలకు క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు. టికెట్లు నష్టపోయినవాళ్లకు ఫోన్‌లో విడిగా "మీకు ఇబ్బంది అయింది" అని ఒక మాట అంటే, ఆ మాటకు బరువు ఉంటుంది.

"మళ్లీ బుక్ చేసుకోవద్దు" అన్న వాక్యం చిన్నదే గానీ తప్పక ఉండాలి. శ్రావణం అని చదవగానే ఉత్సాహంగా ఏదో ఒక వారానికి టికెట్లు తీసేవాళ్లు ఉంటారు.

ఈ మెసేజ్ మీద వినాయకుడి బొమ్మ, "శ్రీరస్తు శుభమస్తు" పెట్టకండి. శుభలేఖలా కనిపిస్తే శుభలేఖలాగే చూస్తారు, చదవరు. అలాగని నల్ల అంచు, దీపం బొమ్మ కూడా పెట్టకండి, చూసినవాళ్ల గుండె ఆగుతుంది. ఏ బొమ్మా లేని మామూలు అక్షరాలే మేలు. ఫొటోగా చేసి పంపితే నోటిఫికేషన్లో "ఫొటో" అని మాత్రమే కనిపిస్తుంది.

ఎవరి ఫోన్ నుంచి పంపాలి

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఒకసారికి 256 మంది దాకా పెట్టవచ్చు, కానీ మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. అబ్బాయి తన కొత్త నంబరు నుంచి పంపితే నాన్న స్నేహితులకు, ఊళ్లోవాళ్లకు అది వెళ్లదు. పంపినవాళ్లకు వెళ్లినట్టే కనిపిస్తుంది. కాబట్టి శుభలేఖ ఎవరు ఇచ్చారో వాళ్ల ఫోన్ నుంచే వాయిదా కబురు వెళ్లాలి. నాన్న పిలిచినవాళ్లకు నాన్న ఫోన్ నుంచి, అమ్మ పుట్టింటివాళ్లకు అమ్మ ఫోన్ నుంచి, అమ్మాయి ఆఫీసు స్నేహితులకు అమ్మాయి ఫోన్ నుంచి. వేరేవాళ్లు టైప్ చేసినా ఫోన్ మాత్రం వాళ్లదే కావాలి.

కుటుంబం గ్రూపుల్లో పెట్టేముందు, గ్రూపు మీదే అయితే కొంతసేపు అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగు మార్చండి. లేకపోతే మెసేజ్ కింద ఏడుపు బొమ్మలు, దండం బొమ్మలు యాభై వచ్చి అసలు మెసేజ్ పైకి వెళ్లిపోతుంది. ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు ఫార్వర్డ్ చేసి పంపకండి, మెసేజ్ కాపీ చేసి కొత్తగా పెట్టండి. పైన "ఫార్వర్డెడ్" అని ఉంటే ఎవరో పుట్టించిన పుకారని కొందరు నమ్మరు.

పంపగానే ఇంట్లో ఒకరు తేదీలు, నంబర్లు మళ్లీ చదవాలి. తప్పు ఉంటే 15 నిమిషాల లోపు మెసేజ్‌ను సరిదిద్దుకోవచ్చు. ఆ తర్వాత సవరణకు ఇంకో మెసేజ్ పెట్టాలి, అప్పుడు రెండింటిలో ఏది నిజమని అడుగుతారు.

ఫోన్ లేనివాళ్లు, ఉన్నా వాట్సాప్ చూడనివాళ్లు ఉంటారు. శుభలేఖలు పంచేటప్పుడు రాసుకున్న జాబితా బయటకు తీసి, ఊరికొకరిని పెట్టండి. కడియంలో పది ఇళ్లు ఉంటే అక్కడి బాబాయికి ఆ పది పేర్లు చదివి వినిపించి, చెప్పాక మళ్లీ ఫోన్ చేయమనండి. పేరు పక్కన టిక్కు పడనిది చెప్పినట్టు కాదు. మే 8 సాయంత్రం తాళం వేసిన హాలు ముందు ఆటోలోంచి దిగే ముసలి దంపతులు సాధారణంగా ఈ జాబితాలో మిగిలిపోయినవాళ్లే.

తర్వాత వచ్చే ప్రశ్నలు

"అసలేమైంది, నిజం చెప్పు" అని కొందరు విడిగా అడుగుతారు. మెసేజ్‌లో రాసిందే మళ్లీ చెప్పండి, ఒక్క ముక్క ఎక్కువ వద్దు. మేనమామ, అబ్బాయి బాబాయి ఇద్దరూ ఒకే కాగితం చూసి మాట్లాడాలి. కానుకగా ఎవరైనా ముందే డబ్బు పంపి ఉంటే వెనక్కి పంపకండి, అది పెళ్లి లేదన్నట్టు అవుతుంది. "అందింది, మీరు వచ్చి అక్షింతలు వేయాలి" అని రాయండి.

వాయిదాకు కారణం మరణమైతే

అప్పుడు పద్ధతి మారుతుంది. మరణవార్త, పెళ్లి కబురు ఒకే మెసేజ్‌లో ఉండకూడదు. ముందు మరణవార్త వెళ్లాలి. పెళ్లి గురించి మరుసటి రోజు విడిగా రెండు వాక్యాలు చాలు: ఫలానా రోజు పెళ్లి జరగదని, పెద్దకర్మ అయ్యాక పెద్దలతో మాట్లాడి తెలియజేస్తామని. మాసం పేరు, ముహూర్తం మాట అప్పుడు ఎత్తకూడదు. పోయినది తల్లో తండ్రో అయితే ఏడాది ఆగాలా, ఏడాదిలోపే చేయాలా అన్నది కులాన్ని బట్టి, ఇంటి ఆచారాన్ని బట్టి మారుతుంది, అది తేలకుండా నెల చెప్పడం ఇబ్బంది తెస్తుంది. నాందీముఖం అయిపోయాక పెళ్లికి మైల అంటదని శాస్త్రం చెబుతుంది కాబట్టి, ఆ దశలో ఉన్నవాళ్లు వాయిదా మెసేజ్ పంపే ముందు పురోహితుణ్ని ఒకసారి అడగడం మంచిది.

జూన్ 7 వచ్చినప్పుడు

చెప్పిన రోజున మెసేజ్ వెళ్లాలి, తేదీ కుదరకపోయినా వెళ్లాలి. చాలా ఇళ్లలో ఇది తప్పుతారు. ముహూర్తం కుదిరింది గానీ హాలు దొరకలేదని, ఇంకో రెండు రోజుల్లో చెబుదామని ఆగుతారు. బయట చూసేవాళ్లకు మాత్రం చెప్పిన రోజు దాటిపోయిందన్నదే కనిపిస్తుంది. కుదరకపోతే ఇలా రాయండి:

> నమస్కారం. అమ్మాయి నాన్నగారు ఇంట్లోనే ఉండి బాగా కోలుకుంటున్నారు. చి.ల.సౌ. (పేరు), చి. (పేరు)ల వివాహానికి శ్రావణంలో రెండు ముహూర్తాలు అనుకున్నాం, హాలు ఇంకా ఖాయం కాలేదు. జూన్ 14, ఆదివారం నాటికి తేదీ చెబుతాం. ఈలోగా ఆయన్ను చూడాలనుకునేవారు సాయంత్రం 5 నుంచి 7 మధ్య రావచ్చు.

తేదీ ఖాయమైతే ముందు మొదటిరోజు ఫోన్ చేసినవాళ్లందరికీ మళ్లీ ఫోన్ వెళ్లాలి, తర్వాత మెసేజ్. మెసేజ్ పంపామని శుభలేఖ మానేయకూడదు. పాత కార్డు మీద మే 8 అనే ఉంది, అది ఇంకా చాలా ఇళ్లలో క్యాలెండర్ పక్కన వేలాడుతూ ఉంటుంది. దాని మీద పెన్నుతో దిద్ది పంచకుండా కొత్తది అచ్చు వేయించండి. డబ్బుకు ఇబ్బందిగా ఉంటే దగ్గరివాళ్లకు మాత్రం అచ్చువి ఇచ్చి, మిగతావాళ్లకు ఫోన్‌లో కార్డు పంపండి. కొత్త శుభలేఖలో వాయిదా ప్రస్తావన అక్కర్లేదు. మేనమామ ఇంటికి, అత్తల ఇళ్లకు బొట్టు పెట్టి పిలవడానికి మళ్లీ వెళ్లాలి, "ఒకసారి పిలిచాం కదా" అనుకోకూడదు. వెళ్లినప్పుడు పాత కార్డు తీసేయమని చెప్పి, కొత్తది వాళ్ల చేతికే ఇచ్చి రండి.